సొంత షోరూమ్ పెడితే ధర పెంచాలా, తగ్గించాలా? ఒకే టేబుల్ మీద రెండు మార్జిన్ల లెక్క

ప్రశ్న: బెంగళూరు పీణ్యలో మాది డైనింగ్ టేబుళ్ల చిన్న యూనిట్. చెక్క, కూలీ, పాలిష్, రవాణా అన్నీ కలిపి టేబుల్‌కి 10,000 పడుతుంది. మారతహళ్లిలో ఒకే ఒక్క షోరూమ్‌కి 20,000కి ఇస్తాం, వాళ్లు 25,000కి అమ్ముతారు, నెలకు 25 పోతాయి. పోయిన శ్రావణంలో ఆఫర్ పెట్టి 22,000కి అమ్మితే 40 పోయాయి. రేటు తగ్గించి ఎక్కువ అమ్మండి అంటే డీలర్ ఒప్పుకోడు, ముందు మీ రేటు తగ్గించండి అంటాడు. మేమే షోరూమ్ పెట్టుకుంటే ఆ 5,000 కూడా మాకే వస్తుంది కదా, అప్పుడు 25,000 ఉంచాలా, ఇంకా పెంచవచ్చా?

సమాధానం:

తగ్గించాలండి. మీరు ఇచ్చిన అంకెలను బట్టి చూస్తే 20,000 దగ్గరికి తేవాలి. ఇవాళ డీలర్‌కి ఏ రేటుకి ఇస్తున్నారో కస్టమర్‌కి అదే రేటుకి అమ్మాలన్నమాట. డీలర్ వాటా పోయి, పైన ధర కూడా తగ్గితే ఇక మిగిలేదేంటి అనిపిస్తుంది కానీ, మొత్తం లాభం అక్కడే ఎక్కువ. ఇద్దరు విడివిడిగా ఒకరి మార్జిన్ మీద ఒకరు మార్జిన్ వేసుకోవడం వల్ల ధర పెరిగి మొత్తం లాభం తగ్గడాన్ని ఆర్థికశాస్త్రంలో డబుల్ మార్జినలైజేషన్ అంటారు. ఫ్రెంచి ఆర్థికవేత్త కూర్నో 1838లోనే దీనికి దగ్గరి లెక్క చేశాడు, అమెరికన్ ఆర్థికవేత్త జోసెఫ్ స్పెంగ్లర్ 1950లో తయారీదారు, అమ్మకందారు మధ్య జరిగేదాన్ని సూటిగా చూపించాడు. పేరు సంగతి వదిలేయండి, మీ టేబుల్ మీదే లెక్క వేద్దాం. జీఎస్టీ పక్కన పెట్టి మాట్లాడుతున్నాను.

25,000కి 25, 22,000కి 40. మూడు వేలు తగ్గితే పదిహేను పెరిగాయి, అంటే ప్రతి 200 తగ్గింపుకి నెలకు ఒక టేబుల్ ఎక్కువ. అదే లెక్కన పైకి వెళ్తే 30,000 దగ్గర ఒక్కటి కూడా పోదు. (శ్రావణంలో గృహప్రవేశాల గిరాకీ ఉంటుంది కాబట్టి ఆ 40లో కొంత సీజన్ వల్ల వచ్చిందే, దాని సంగతి తర్వాత చెప్తాను. ఇప్పటికి ధరకీ గిరాకీకీ మధ్య ఈ గీతనే నమ్ముదాం.)

ముందు డీలర్ కుర్చీలో కూర్చుని చూడండి. అతనికి టేబుల్ ఖర్చు 10,000 కాదు, 20,000. 25,000కి అమ్మితే టేబుల్‌కి 5,000 చొప్పున 25 టేబుళ్ల మీద 1,25,000 వస్తుంది. 24,000కి దించితే 30 పోతాయి, కానీ టేబుల్‌కి 4,000 మాత్రమే, మొత్తం 1,20,000. 26,000కి పెంచితే 20 పోతాయి, 6,000 చొప్పున మళ్లీ 1,20,000. కాబట్టి అతను 25,000 దగ్గర ఆగడం మొండితనం కాదు, అతనికి అదే సరైన చోటు. రేటు తగ్గించి ఎక్కువ అమ్ము అని మీరు చెప్పినప్పుడు, నువ్వు నెలకు ఐదు వేలు నష్టపో అని చెప్తున్నట్టే.

ఇప్పుడు మీ కుర్చీ. మీ రేటు 18,000 చేస్తే అతను 24,000కి అమ్ముతాడు, 30 పోతాయి, మీకు 8,000 చొప్పున 2,40,000. 22,000 చేస్తే అతను 26,000కి అమ్ముతాడు, 20 పోతాయి, మీకు 12,000 చొప్పున మళ్లీ 2,40,000. మీరున్న 20,000 దగ్గరే 2,50,000. మీరూ మీకు సరైన చోటే ఉన్నారు. ఇద్దరూ తెలివిగానే లెక్క వేశారు, ఎవరి లెక్కలోనూ తప్పు లేదు. అయినా ఇద్దరికీ కలిపి వచ్చేది 3,75,000.

అదే టేబుల్‌ని ఒకే మనిషి తయారు చేసి, ఒకే మనిషి అమ్మితే 20,000 దగ్గర 50 పోతాయి, టేబుల్‌కి 10,000 చొప్పున 5,00,000. ప్రతి నెలా 1,25,000 ఎవరి జేబులోకీ పోకుండా మాయమవుతోంది. కస్టమర్ కూడా ఐదు వేలు ఎక్కువ కడుతున్నాడు, అది కాక 20,000 పెట్టడానికి సిద్ధంగా ఉన్న పాతికమంది టేబుల్ కొనకుండానే వెళ్లిపోతున్నారు. చేయడానికి 10,000 అయ్యే వస్తువుకి ఇరవై ఇస్తానన్నవాడిని మీరిద్దరూ కలిసి వెనక్కి పంపుతున్నారు.

మాయమవడం ఎక్కడ జరుగుతోందో సరిగ్గా పట్టుకోవాలి, పరిష్కారం దాని మీదే ఆధారపడుతుంది. డీలర్ 25,000 నుంచి 24,000కి దిగాడనుకోండి. అతనికి నెలకు 5,000 నష్టం అని పైన చూశాం. కానీ అదనంగా పోయిన ఐదు టేబుళ్ల మీద మీకు పదేసి వేలు, అంటే 50,000 లాభం. ఇద్దరికీ కలిపి 45,000 మిగులు. నిర్ణయం తీసుకునేది డీలర్, ఫలితం వచ్చేది మీకు. మీ 10,000 మార్జిన్ అతనికి లాభంగా కనిపించదు, ఖర్చుగా కనిపిస్తుంది. మీరు చెక్కకి, పాలిష్‌కి పెట్టిన డబ్బుని ఎలా చూస్తారో, మీ మార్జిన్‌ని అతను అలాగే చూస్తాడు. నిజంగా అది ఖర్చు కాదు కదా, ఆ డబ్బుతో ఎక్కడా చెక్క తెగలేదు. ధర పెరగడానికి మూలం ఇదే: ఒక మార్జిన్‌ని అసలు ఖర్చు అనుకుని దాని మీద ఇంకో మార్జిన్ వేయడం.

అందుకే "మధ్యలో వాడు తినేస్తున్నాడు" అనే మాట నాకు నచ్చదు. ఈ 25,000లో డీలర్ వాటా ఐదు వేలే, మీది పది వేలు. అతను ఒక్కడే మార్జిన్ వేసుకుని, మీరు 10,000కే ఇచ్చి ఉంటే షోరూమ్ ధర 20,000 అయ్యేది. మీరు మాత్రమే మార్జిన్ వేసుకుని అతను లాభం లేకుండా అమ్మినా 20,000 అయ్యేది. దోషం ఏ ఒక్క మార్జిన్‌లోనూ లేదు, ఒకరి వాటా ఎంతో ఆలోచించకుండా ఇంకొకరు దాని మీద వేసుకోవడంలో ఉంది. మీ ఇద్దరి మధ్య ఇంకో డిస్ట్రిబ్యూటర్ ఉండి, అతనికీ ఆ ఏరియాలో పోటీ లేకపోతే ఇదే లెక్కలో ధర 27,500కి పోతుంది, నెలకు పన్నెండో పదమూడో అమ్ముతారు.

పోటీ లేకపోతే అన్నాను చూడండి, అది ముఖ్యం. ఇద్దరికీ ధర మీద పట్టు ఉన్నప్పుడే ఈ జబ్బు వస్తుంది. అదే రోడ్డులో నాలుగు షోరూములు మీ టేబుల్‌నే పక్కపక్కన పెట్టి అమ్ముతుంటే ఒకరి మీద ఒకరు తగ్గించుకుంటూ మీ రేటు మీద అద్దె, జీతాలకు సరిపడా మాత్రమే వేసుకుంటారు. అప్పుడు డీలర్ల సంఖ్య పెరిగినా ధర పెరగదు. అలాగే మీలాంటి టేబుల్ పీణ్యలో పదిమంది చేస్తుంటే మీరే 20,000 అడగలేరు. మీది ఒకే డీలర్, అతనికి ఆ డిజైన్ ఇచ్చేది మీరొక్కరే, కాబట్టి లెక్క అచ్చంగా సరిపోయింది.

మీ దగ్గర నిజంగా ఇదే జరుగుతోందా అని తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. రెండు మూడు నెలలపాటు, సీజన్ కాని నెలల్లో, మీ రేటు 2,000 తగ్గించి చూడండి. షోరూమ్ ధర కూడా మొత్తం 2,000 దిగితే డీలర్ మీద పోటీ ఒత్తిడి గట్టిగా ఉందన్నమాట, అతని వైపు సమస్య పెద్దగా లేదు. 1,000 దగ్గర ఆగితే పైన వేసిన లెక్క మీకు వర్తిస్తుంది. 2,500 దిగితే అతను "కొన్న రేటు మీద 25 శాతం" అనే అలవాటుతో ధర వేస్తున్నాడని అర్థం. అప్పుడు రెండు మార్జిన్ల గొడవ ఉంటుంది కానీ, మీ తగ్గింపుకి ఫలితం ఎక్కువ వస్తుంది. అసలేమీ దిగకపోతే మీ రెండు వేలూ అతని జేబులో ఉన్నాయి, వెంటనే ఆపేయండి.

ఇక శ్రావణం సంగతి. ఆషాఢంలో ఆగిన గృహప్రవేశాలన్నీ శ్రావణంలో పడతాయి, డైనింగ్ టేబుల్ కొనేది అప్పుడే. కాబట్టి మామూలు నెలలో 22,000కి 40 కాక 35 మాత్రమే పోయేవనుకుందాం. అప్పుడు 300 తగ్గితే ఒక టేబుల్ పెరిగినట్టు, ఒక్కటీ పోని ధర 32,500 అవుతుంది. ఒకే చేతిలో ఉంటే పెట్టాల్సిన ధర 21,250. ఇరవై కాకపోయినా, పాతిక కంటే చాలా కిందే ఉంది. అంకెల్లో పొరపాటు ఉండవచ్చు కానీ దిశ మారదు. షోరూమ్ మీ సొంతమైన రోజు డీలర్‌కి కనిపించని ఆ పదివేల మార్జిన్ మీకు కనిపిస్తుంది, కాబట్టి ధర కిందికే వస్తుంది.

మరి సొంత షోరూమ్ పెట్టాలా? నా సలహా, ముందు వద్దు. 20,000కి మీరే అమ్మితే మీ ఆదాయం 2,50,000 నుంచి 5,00,000కి వెళ్తుంది నిజమే, కానీ ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల షోరూమ్ అద్దె, అడ్వాన్సు, ఇద్దరు సేల్స్‌మెన్, డెలివరీ మనుషులు, అమ్ముడుపోని డిస్‌ప్లే ముక్కలు అన్నీ ఆ అదనపు 2,50,000లోంచే పోవాలి. మీ డీలర్ అదే అద్దెని సోఫాలు, మంచాలు, బీరువాల మీద పంచుకుంటున్నాడు. మీరు ఒక్క టేబుల్ మీద మొయ్యాలి. మాయమవుతున్న 1,25,000 తిరిగి రావాలంటే షోరూమ్ కొనక్కర్లేదు, ఒప్పందం మారిస్తే చాలు.

నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది: టేబుల్‌ని డీలర్‌కి అసలు ఖర్చుకే, 10,000కే ఇవ్వండి. దానికి బదులు నెలకు ఒక స్థిర మొత్తం తీసుకోండి, టేబుళ్లు ఎన్ని పోయినా మారనిది. ఇప్పుడు డీలర్‌కి నిజమైన ఖర్చే ఖర్చుగా కనిపిస్తుంది, కాబట్టి ఎవరూ చెప్పకుండానే 20,000 ధర తనే పెట్టుకుంటాడు. 50 అమ్ముతాడు, చేతికి 5,00,000 వస్తుంది. అందులోంచి మీకు కట్టేది 2,50,000 కంటే ఎక్కువ ఉండాలి, లేకపోతే మీకు పాత పద్ధతే మేలు. 3,75,000 కంటే తక్కువ ఉండాలి, లేకపోతే అతనికి పాతదే మేలు. ఆ మధ్యలో ఎక్కడ తేలుతుందన్నది బేరం. 3,00,000 దగ్గర తేలితే మీకు నెలకు యాభై వేలు, అతనికి డెబ్బై ఐదు వేలు ఎక్కువ, కస్టమర్‌కి ఐదు వేలు తక్కువ.

కాగితం మీద ఇంత చక్కగా ఉన్న ఈ ఒప్పందం ఎక్కడ విరుగుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే నేను చూసినవి చాలా వరకు ఆషాఢంలోనే విరిగాయి. గిరాకీ పడిపోయిన నెలలో, ఒక్కటీ పోని ధర 30,000 నుంచి 26,000కి దిగిందనుకోండి. డీలర్ 18,000కి 40 అమ్ముతాడు, 3,20,000 వస్తుంది, మీకు మూడు లక్షలు కట్టాక అతనికి మిగిలేది 20,000. అద్దె కట్టలేక ఫోన్ ఎత్తడం మానేస్తాడు. నెల బాగున్నా బాగోకపోయినా మీకు రావాల్సింది మీకు వస్తుంది, నష్టం అంతా అతని నెత్తిన పడుతుంది.

కాబట్టి మొత్తం అటు కాకుండా కొంచెం ఇటు జరగండి. టేబుల్ 12,000కి ఇవ్వండి, స్థిర మొత్తం 2,00,000 చేయండి. మామూలు నెలలో అతను 21,000కి 45 అమ్ముతాడు, ఖర్చులు పోగా 4,05,000, మీకు రెండు లక్షలు కట్టాక 2,05,000. మీకు టేబుల్ మీద 90,000, పైన 2,00,000, కలిపి 2,90,000. ఇద్దరికీ కలిపి 4,95,000. గమనించారా, అత్యుత్తమమైన 5,00,000 నుంచి పోయింది ఐదు వేలే. మార్జిన్ మీద మార్జిన్ చిన్నదిగా ఉన్నప్పుడు నష్టం చాలా చాలా తక్కువ, అది పెద్దదయ్యే కొద్దీ నష్టం అంతకంటే వేగంగా పెరుగుతుంది. చెడ్డ నెలలో అతనికి 20,000 బదులు 45,000 మిగులుతుంది. ఈ ఐదు వేలు ఒప్పందం నిలబడటానికి కట్టే బీమా అనుకోండి. అది కూడా చాలదనుకుంటే ఆషాఢానికి తక్కువ, శ్రావణానికి ఎక్కువ అని స్థిర మొత్తాన్నే నెలలవారీగా ముందే రాసుకోవచ్చు.

ఇంకో దారి పైన ధరకి హద్దు పెట్టడం. మీరు 16,000కి ఇచ్చి, 20,000 దాటి అమ్మకూడదని రాసుకుంటే 50 పోతాయి, మీకు 3,00,000, అతనికి 2,00,000. స్థిర మొత్తంతో వచ్చిన పంపకమే, నెలవారీ చెల్లింపుల టెన్షన్ లేకుండా. చట్టం వైపు ఒక జాగ్రత్త: 2002 కాంపిటీషన్ యాక్ట్ సెక్షన్ 3(4) కింద, అమ్మకందారు ఏ ధరకి తిరిగి అమ్మాలో తయారీదారు శాసించడం పరిశీలనలోకి వస్తుంది. కానీ అంతకంటే తక్కువకి అమ్ముకోవచ్చని స్పష్టంగా రాసి ఉంటే అది ఆ నిర్వచనంలోకే రాదు. కాబట్టి "గరిష్ఠంగా 20,000, అంతకు తక్కువకి అమ్మడం డీలర్ ఇష్టం" అనే వాక్యం తప్పకుండా ఉండాలి. 2021లో మారుతి సుజుకీకి కాంపిటీషన్ కమిషన్ 200 కోట్ల జరిమానా వేసింది డీలర్లు ఎక్కువ డిస్కౌంట్ ఇవ్వకుండా ఆపినందుకు, అది అప్పీలుకు వెళ్లింది. అది కింది హద్దు, మీది పై హద్దు. రెండూ ఒకటి కావు. ముందే ప్యాక్ చేసి అమ్మే సరుకైతే ఎమ్మార్పీయే ఈ పని చేస్తుంది, దాన్ని దాటి అమ్మడానికి వీల్లేదు కాబట్టి. అయితే చాలామంది ఎమ్మార్పీని కావాలనే ఎత్తులో అచ్చు వేస్తారు. షోరూమ్‌లో రోజూ "ఎమ్మార్పీ మీద 40 శాతం తగ్గింపు" బోర్డు ఉంటే ఆ హద్దు ఎవరినీ ఆపడం లేదని అర్థం.

అయినా మీకు నేను స్థిర మొత్తం పద్ధతే ముందు ప్రయత్నించమంటాను, ఒక్క కారణానికి. హద్దు పద్ధతిలో డీలర్‌కి టేబుల్‌కి మిగిలేది 4,000. పక్కనే ఉన్న ఇంకో కంపెనీ టేబుల్ మీద అతనికి 7,000 మిగిలితే సేల్స్‌మన్ కస్టమర్‌ని అటే నడిపిస్తాడు, మీ టేబుల్ షోరూమ్ వెనక గోడ దగ్గరికి చేరుతుంది, ధర తగ్గించినా అమ్మకం పెరగదు. 12,000 రేటు పద్ధతిలో ప్రతి టేబుల్ మీదా అతనికి 9,000 మిగులుతుంది, కాబట్టి మీదే ముందు చూపిస్తాడు.

దీనికి బదులుగా డీలర్ ఒకటి అడుగుతాడు, అడగాలి కూడా. రెండు లక్షలు కడుతున్న నాకు, మీరు రేపు కె.ఆర్.పురంలో ఇంకొకరికి అదే 12,000కి ఇచ్చి వాళ్ల దగ్గరా రెండు లక్షలు తీసుకుంటే నా కస్టమర్లు అటు పోతారు, నేను కట్టేది మాత్రం తగ్గదు అంటాడు. ఆ భయం తీరకపోతే అతను స్థిర మొత్తానికి ఒప్పుకోడు, ఒప్పుకున్నా చాలా తక్కువ దగ్గర ఆగుతాడు. కాబట్టి ఏ పిన్‌కోడ్‌లలో ఇంకొకరికి ఇవ్వరో, ఎన్నాళ్లపాటు ఇవ్వరో, ఇస్తే స్థిర మొత్తం ఎంత తగ్గుతుందో రాసివ్వండి. అతని వైపు నుంచి మీరు అడగాల్సింది నెలవారీ బిల్లుల కాపీ. 21,000 దగ్గర అమ్ముతున్నాడా, పాత అలవాటుతో 25,000కే ఉంచి తక్కువ అమ్ముతున్నాడా అనేది మీకు అందులోనే తెలుస్తుంది. ఆరు నెలలకి రాసుకోండి, మొదలుపెట్టేది శ్రావణంలో కాకుండా మామూలు నెలలో అయితే ఆ బిల్లుల నుంచి మీ గిరాకీ గీత ఈసారి సరిగ్గా వస్తుంది, స్థిర మొత్తాన్ని దాని మీద మళ్లీ లెక్క వేసుకోవచ్చు.